నానబెట్టిన నీళ్ళూ, కుక్కర్ విజిలూ

శ్రీరామనవమికి మనం వడపప్పు తింటాం. పెసరపప్పును గంటో రెండు గంటలో నానబెట్టి, నీళ్ళు వంపేసి, కొబ్బరి కోరు, మామిడి తురుము కలుపుకొని తినేస్తాం. పొయ్యి మీద పెట్టే పనే లేదు. పిల్లలు తింటారు, ముసలివాళ్ళు తింటారు. ఎవరికీ ఏమీ కాదు.

ఇప్పుడు అదే పని రాజ్మాతో చేశామనుకోండి. రాత్రంతా నానాయి, మెత్తబడ్డాయి కదా అని నాలుగైదు గింజలు పచ్చివే నమిలామనుకోండి. ఒకటి నుంచి మూడు గంటల్లో కడుపులో తిప్పడం మొదలవుతుంది. తర్వాత వాంతులు. ఆ తర్వాత విరేచనాలు. నాలుగైదు గింజలే. గుప్పెడు కూడా అక్కర్లేదు.

రెండూ పప్పుధాన్యాలే. రెండూ నానబెట్టినవే. ఒకటి ప్రసాదం, ఇంకొకటి విషం. ఎందుకలా? ఈరోజు మీతో మాట్లాడాలనుకున్నది అదే. నానబెడితే ఏం పోతుంది, ఉడకబెడితే ఏం పోతుంది, కుక్కర్లో పెడితే ఏం పోతుంది. ఎంత ఉడికించినా పోనిదేమిటి. ముఖ్యంగా దుబాయ్‌లో, షార్జాలో, అబూధాబీలో ఉంటూ, మీ పప్పు మీరే వండుకుంటున్నవాళ్ళ కోసం చెబుతున్నాను. సోనాపూర్‌లో, అల్ కూజ్‌లో, ముస్సఫాలో గదులు పంచుకుని ఉంటున్న కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల తమ్ముళ్ళకు ఇది మరీ పనికొస్తుంది. అక్కడ మాంసకృత్తులు ఎక్కువగా పప్పు గిన్నెలోంచే రావాలి కదా.

ముందు రాజ్మా సంగతి తేల్చుకుందాం.

రాజ్మా గింజలో లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. అదీ ఒక రకం మాంసకృత్తే. గింజను తినడానికొచ్చే పురుగుల నుంచి, జంతువుల నుంచి కాపాడుకోవడానికి మొక్క పెట్టుకున్న ఆయుధం అది. అన్ని పప్పుల్లోనూ లెక్టిన్లు ఎంతో కొంత ఉంటాయి. పెసరపప్పులో, శనగల్లో ఉన్నది చాలా తక్కువ, బలహీనం. రాజ్మాలో ఉన్నది ఎక్కువ, బలమైనది. అది మన పేగు లోపలి పొరకు అతుక్కుని దాన్ని గాయపరుస్తుంది. అందుకే వాంతులు, విరేచనాలు. సాధారణంగా మూడు నాలుగు గంటల్లో తగ్గిపోతుంది కానీ, ఆ కొన్ని గంటలూ మనిషి నీరసపడిపోతాడు.

1976లో బ్రిటన్‌లో ఇదే జరిగింది. సెలవులకు వెళ్ళిన కొందరు స్కూలు పిల్లలు రాజ్మాను నానబెట్టి, ఉడకబెట్టకుండానే తిన్నారు. జబ్బుపడ్డారు. ఆ తర్వాతే అక్కడి వైద్యులు ఈ గింజను అనుమానంగా చూడటం మొదలుపెట్టారు. 2006లో జపాన్‌లో ఇంకో ముచ్చట. ఒక టీవీ కార్యక్రమంలో సన్నబడటానికి చిట్కా చెప్పారు. తెల్ల రాజ్మాను మూడు నిమిషాలు వేయించి, పొడి చేసి, అన్నం మీద చల్లుకోమన్నారు. చల్లుకున్నవాళ్ళు వందల సంఖ్యలో వాంతులతో, విరేచనాలతో ఇబ్బందిపడ్డారు. కొందరు ఆసుపత్రుల్లో చేరారు. పైకి వేగినట్టే కనిపించినా, మూడు నిమిషాల్లో ఆ లెక్టిన్ చావలేదు.

లెక్టిన్ మాంసకృత్తు అన్నాను కదా. కాబట్టి తగినంత వేడి తగిలితే దాని ఆకారం చెడిపోతుంది. ఆకారం చెడితే పని చేయదు. నీళ్ళు కళపెళ మరిగే వేడి కావాలి, అది కొంతసేపు ఉండాలి. అమెరికా ఆహార ఔషధ సంస్థ సలహా ఏమిటంటే, కనీసం ఐదు గంటలు నానబెట్టండి, ఆ నీళ్ళు పారబోయండి, కొత్త నీళ్ళు పోసి, అవి మరగడం మొదలయ్యాక కనీసం ముప్పై నిమిషాలు ఉడికించండి. మరగడం మొదలయ్యాక ముప్పై నిమిషాలు. పొయ్యి మీద పెట్టినప్పటి నుంచి లెక్కపెట్టకూడదు.

ఇక్కడ మీరు జాగ్రత్తగా వినాల్సింది ఒకటుంది. సగం వేడి పచ్చిగింజ కంటే ప్రమాదం. రాజ్మాను ఎనభై డిగ్రీల దగ్గర వేడిచేస్తూ ఉంచితే లెక్టిన్ పోకపోగా, పచ్చిగింజ కంటే ఐదు రెట్ల దాకా ఎక్కువ విషంగా మారవచ్చని పరీక్షల్లో తేలింది. ఎనభై డిగ్రీలు అంటే ఏమిటి? స్లో కుక్కర్. అందులో పెట్టిన కూర లోపలి వేడి చాలాసార్లు డెబ్బై ఐదు డిగ్రీలు కూడా దాటడం లేదని కొలిచి చూసినవాళ్ళు చెప్పారు. పొద్దున డ్యూటీకి వెళ్తూ నానిన రాజ్మా అందులో వేసి, సాయంత్రం వచ్చి తిందామనుకోవడం హాయిగానే ఉంటుంది. గింజ మెత్తబడుతుంది కూడా. మెత్తబడింది కాబట్టి ఉడికిందని నమ్ముతాం. కానీ గింజ మెత్తబడటం వేరు, లెక్టిన్ చావడం వేరు.

మళ్ళీ చెబుతున్నాను. స్లో కుక్కర్లో పచ్చి రాజ్మా వద్దు. ముందు మామూలు గిన్నెలో అరగంట మరిగించి, ఆ తర్వాత ఎక్కడ వేసుకున్నా ఇబ్బంది లేదు. డబ్బాల్లో వచ్చే రాజ్మా, శనగలు ఉన్నాయి చూశారూ, వాటితో ఈ బాధ లేదు. వాటిని ఫ్యాక్టరీలోనే డబ్బాతో సహా గట్టి ఒత్తిడి మీద ఉడికించేస్తారు. ఉప్పు ఎక్కువ కాబట్టి కడుక్కుంటే చాలు.

మరి కుక్కర్ సంగతి?

మూత తీసిన గిన్నెలో నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఎంత మంట పెంచినా అంతకు మించవు. కుక్కర్లో ఆవిరి బయటికి పోదు, ఒత్తిడి పెరుగుతుంది, నీళ్ళు సుమారు నూట ఇరవై డిగ్రీల దాకా వెళ్తాయి. ఆ ఇరవై డిగ్రీల తేడా చిన్నది కాదు. లెక్టిన్లు అక్కడ చాలా త్వరగా చస్తాయి. గింజ గోడలు కూడా త్వరగా కరుగుతాయి. కరెంటుతో నడిచే ప్రెషర్ కుక్కర్లలో ఒత్తిడి కాస్త తక్కువ, అందుకని వేడి నూట పదిహేను, నూట పద్దెనిమిది దగ్గర ఉంటుంది. నాలుగైదు నిమిషాలు ఎక్కువ ఇవ్వండి, అంతే.

విజిళ్ళ లెక్క గురించి ఒక మాట. మనవాళ్ళందరూ మూడు విజిళ్ళు, ఐదు విజిళ్ళు అని చెప్పుకుంటారు. నాకు ఆ లెక్క మీద నమ్మకం లేదు. పెద్ద మంట మీద నిమిషానికో విజిల్ వస్తుంది. చిన్న మంట మీద పది నిమిషాలకు ఒకటి వస్తుంది. హాట్ ప్లేట్ మీద అయితే ఇంకో రకం. విజిల్ వచ్చిందంటే లోపల ఒత్తిడి నిండిందని అర్థం. అంతకు మించి అది ఏమీ చెప్పదు. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి, అక్కడి నుంచి గడియారం చూడండి. నిమిషాలే లెక్క.

ఒక గిన్నె రాజ్మాను మొదటి నుంచి చివరిదాకా వండి చూద్దాం. గదిలో నలుగురున్నారనుకుందాం. రేపు సెలవు. అరకిలో రాజ్మా.

రాత్రి పదిగంటలకు రెండుసార్లు కడిగి, లీటరున్నర నీళ్ళు పోసి నానబెట్టారు. గింజలు పొద్దుటికి రెండింతల బరువవుతాయి, అందుకే గిన్నె పెద్దది కావాలి. వేసవి అయితే ఇక్కడొక చిక్కు ఉంది. జూన్, జులైలో కుళాయి తిప్పితే వచ్చేవి వేడినీళ్ళే. మేడ మీది ట్యాంకు రోజంతా ఎండలో కాలి ఉంటుంది. ఆ నీళ్ళతో, ఏసీ లేని వంటగదిలో, పన్నెండు గంటలు వదిలేస్తే పొద్దున పైన నురుగు, పుల్లటి వాసన, చేత్తో ముట్టుకుంటే జిగురు. సూక్ష్మజీవులు పని మొదలుపెట్టేశాయని గుర్తు. అలాంటివి పారేయాల్సిందే. చల్లటి నీళ్ళు పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా ఏసీ ఉన్న గదిలో ఉంచండి. బయటే పెట్టాల్సి వస్తే ఆరుగంటలు దాటనివ్వకండి.

పొద్దున ఆ నీళ్ళు పారబోశారు. మళ్ళీ కడిగారు. గింజల మీద రెండు వేళ్ళ ఎత్తు కొత్త నీళ్ళు పోశారు. ఐదు లీటర్ల కుక్కర్ అయితే, గింజలూ నీళ్ళూ కలిపి సగానికి మించకూడదు. పప్పులు నురుగు కక్కుతాయి, ఆ నురుగు, పొట్టు ముక్కలు వెళ్ళి విజిల్ గొట్టాన్ని మూసేస్తే ప్రమాదం. అందుకని మూత పెట్టకుండా పది నిమిషాలు మరిగించి, తేలిన నురుగు గరిటెతో తీసేశారు. ఆ తర్వాత మూత పెట్టి, మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి ఇరవై నిమిషాలు ఉంచారు. మంట ఆపారు. ఒత్తిడి దానంతట అదే దిగేదాకా ఆగారు. ఆ దిగే పది పదిహేను నిమిషాలు కూడా గింజ ఉడుకుతూనే ఉంటుంది.

ఇప్పుడు పరీక్ష. ఒక గింజ చూస్తే చాలదు, ఐదారు గింజలు తీయండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కండి. లోపల ఎక్కడా గరుకు తగలకుండా వెన్నలా నలగాలి. ఒకటి మధ్యకు కోసి చూడండి. నడుమ సుద్దలాంటి తెల్లటి గుండ్రం కనిపిస్తే ఇంకా కాలేదు. ఐదింటిలో ఒక్కటి కాకపోయినా మూత పెట్టి ఇంకో ఐదు నిమిషాలు. అన్నీ సరిగ్గా నలిగాకే ఉల్లిపాయ, టమాటా, మసాలా.

టమాటా ఎందుకు చివరన అన్నానో తర్వాత చెబుతాను. ముందు మాంసకృత్తుల దగ్గరికి వద్దాం.

పచ్చిగింజలో మాంసకృత్తులు గట్టిగా చుట్టిన దారపు ఉండల్లా ఉంటాయి. మన పొట్టలోని జీర్ణరసాలు ఆ దారాన్ని ముక్కలు చేయాలి. ఉండ విడిపోకపోతే కత్తెర పెట్టడానికి చోటు దొరకదు. తడి వేడి ఆ ఉండను విప్పుతుంది. ఇది మొదటి మేలు.

రెండో మేలు ఇంకా ముఖ్యం. మాంసకృత్తులను కోసే జీర్ణరసాల్లో ట్రిప్సిన్ ముఖ్యమైనది. క్లోమం దాన్ని తయారుచేస్తుంది. పచ్చి పప్పుల్లో ఈ ట్రిప్సిన్‌ను పట్టుకుని పనిచేయనివ్వకుండా ఆపేసే నిరోధకాలు ఉంటాయి. మనం తిన్న మాంసకృత్తు సగం అరగకుండానే కిందికి పోతుంది. క్లోమం ఇంకా ఎక్కువ రసం తయారుచేయాలని తంటాలు పడుతుంది. ఆ రసం కూడా మాంసకృత్తే కదా, అదీ వృథా.

1917లో అమెరికాలో ఆస్బోర్న్, మెండెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకలకు సోయా పెట్టారు. కొన్నింటికి పచ్చిది, కొన్నింటికి ఉడికించింది. పచ్చిది తిన్నవి సరిగా ఎదగలేదు. ఉడికించింది తిన్నవి బాగా ఎదిగాయి. అదే సోయా, అన్నే మాంసకృత్తులు. తేడా వేడి ఒక్కటే. ఆ వేడి దేన్ని చంపిందో తర్వాతి కాలంలో తెలిసింది. పప్పుధాన్యాల్లో ఈ నిరోధకాలు సోయాలో ఎక్కువ. కందుల్లో, శనగల్లో అంతకంటే తక్కువ. పెసరల్లో మరీ తక్కువ. వడపప్పు కడుపులో గొడవ చేయకపోవడానికి ఇది కూడా ఒక కారణం. పైగా మనం తినేది పిడికెడే.

ఈ నిరోధకాల్లో ఒక రకం మొండిది. మామూలు మరుగుకు మెల్లగా లొంగుతుంది, కుక్కర్ వేడికి త్వరగా లొంగుతుంది. ముందు నానబెట్టిన గింజ అయితే ఇంకా త్వరగా. ఎందుకంటే నీరు లోపలిదాకా చేరి ఉంటుంది, వేడి గింజ నడుమకు తొందరగా పాకుతుంది. నానబెట్టకుండా నేరుగా కుక్కర్లో పెడితే పైన ఉడికి, లోపల మిగిలిపోతుంది. నానడం, ఉడకడం జంటగా పనిచేస్తాయి. దేని పని దానిదే. ఒకటి చేశాం కదా అని రెండోది మానకూడదు.

ఇంత చేసినా పప్పులోని మాంసకృత్తులు నూటికి నూరు అరగవు. 1985లో ఐక్యరాజ్యసమితి సంస్థల నిపుణులు ఇచ్చిన నివేదికలో గుడ్డుకు 97, బీన్స్‌కు 78 అని ఉంది. అంటే బీన్స్‌లో వంద గ్రాముల మాంసకృత్తు తింటే డెబ్బై ఎనిమిది గ్రాములు మనకు దక్కుతుంది. బాగా ఉడికించాక దక్కే లెక్క అది. మిగతాది గింజ కణాల గోడల లోపల చిక్కుకుని ఉండిపోతుంది. అందుకే పప్పుగుత్తితో ఎనపడం ఉత్త రుచి కోసమే కాదు. గోడలు పగిలి, లోపలి సరుకు బయటపడుతుంది. రాజ్మా కూరలో కూడా ఓ గరిటెడు గింజలు గిన్నె అంచుకు నొక్కి మెదపండి. పులుసు చిక్కబడుతుంది, కడుపుకూ తేలిక.

మరీ ఎక్కువసేపు ఉడికిస్తే? గంటలకొద్దీ కుక్కర్లో పెడితే లైసిన్ అనే విలువైన భాగం కొంత దెబ్బతింటుంది, బి విటమిన్లు తగ్గుతాయి. అన్నానికి పప్పు తోడయ్యేది ఆ లైసిన్ కోసమే, ఎందుకంటే అన్నంలో అది తక్కువ. అయితే ఇరవై, పాతిక నిమిషాలకు భయపడక్కర్లేదు. అడుగంటి మాడిన పప్పు వేరే సంగతి, దాని రుచే చెబుతుంది.

ఇప్పుడు వేడికి లొంగని వాటి సంగతి చూద్దాం.

ఫైటిక్ ఆమ్లం అని ఒకటుంది. గింజ మొలకెత్తేటప్పుడు వాడుకోవడానికి దాచుకున్న భాస్వరం అది. మన కడుపులో అది ఇనుమును, జింకును పట్టుకుని ఒంటికి పట్టనివ్వదు. ఎంత మరిగించినా, కుక్కర్లో ఎంతసేపు పెట్టినా, దానిలో ఎక్కువ భాగం అలాగే ఉంటుంది. రెండోది టానిన్. పొట్టులో ఉండే వగరు. అదీ ఇనుమును పట్టేస్తుంది, మాంసకృత్తులనూ కొంత పట్టేస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో నరసింగరావు, ప్రభావతి ఈ టానిన్ల మీద పనిచేసి, మనం రోజూ తినే పదార్థాల్లో అవి ఇనుమును ఎలా అడ్డుకుంటాయో 1982లో ప్రచురించారు.

వీటిని వదిలించే దారి నీళ్ళే. నానినప్పుడు టానిన్ కొంత, ఫైటిక్ ఆమ్లం కొంత, కడుపు ఉబ్బరం తెచ్చే చక్కెరలు కొంత ఆ నీళ్ళలోకి దిగుతాయి. ఆ చక్కెరలను అరిగించుకునే రసం మనకు లేదు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి గ్యాసు చేస్తాయి. గోరువెచ్చటి నీళ్ళలో ఇంకో మేలుంది. గింజలోనే ఫైటిక్ ఆమ్లాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి నిద్రపోతూ ఉంటుంది. తడి, వెచ్చదనం తగిలితే లేస్తుంది. మరిగే నీళ్ళు పోస్తే చచ్చిపోతుంది. తొందరగా నానాలని సలసలా కాగే నీళ్ళు పోసేవాళ్ళు ఆ మేలు వదులుకున్నట్టే.

అయితే ఒక షరతు. నానబెట్టిన నీళ్ళు పారబోస్తేనే లాభం. అదే నీళ్ళతో వండేస్తే, దిగినదంతా మళ్ళీ మన గిన్నెలోకే వచ్చింది. నానబెట్టిన నీళ్ళు పారబోయండి. ఈ ఒక్కటీ మరిచిపోకండి.

మరి ఉలవచారు? అది ఉడికించిన నీళ్ళతోనే కదా చేసేది అంటారు. నిజమే. ఉలవల్లో టానిన్, ఫైటిక్ ఆమ్లం రెండూ గట్టిగా ఉంటాయి. కట్టులోకి అవీ దిగుతాయి. ఉలవచారు రుచి కోసం తాగండి, నేనూ వదలను. దాన్ని రక్తం పట్టే మందని మాత్రం అనుకోకండి.

ఇంతసేపూ పొట్టు ఉన్న గింజల గురించే చెప్పాను. రోజూ మన గిన్నెలో ఉడికే కందిపప్పు సంగతి వేరు. పొట్టు తీసేసినప్పుడే టానిన్ చాలావరకు పోయింది. రెండు బద్దలయ్యింది కాబట్టి నీరు, వేడి రెండూ తొందరగా లోపలికి వెళ్తాయి. అరగంట నానితే చాలు. మొదటి విజిల్ తర్వాత చిన్న మంట మీద ఎనిమిది, పది నిమిషాలు. కందిపప్పుకు రాత్రంతా నానబెట్టి హైరానా పడటం అనవసరం. ఎర్ర మసూర్ పప్పు అయితే నానబెట్టకపోయినా ఉడికిపోతుంది. అయితే ఫైటిక్ ఆమ్లం ఉండేది పొట్టులో కాదు, బద్దలో. పొట్టు తీసినా అది పోదు. దానికి విరుగుడు పళ్ళెంలో ఉంది, నిమ్మకాయ. నిమ్మరసంలోని విటమిన్ సి ఇనుమును విడిపించి ఒంటికి పట్టేలా చేస్తుంది. పప్పు దించాక పిండండి, ఉడికేటప్పుడు వేస్తే విటమిన్ పోతుంది.

ఇక టమాటా ఎందుకు చివరన? గింజ కణాలను అతికించి ఉంచే జిగురు పులుపులో కరగదు. గోంగూర పప్పు చేసేవాళ్ళకు ఇది అనుభవమే. పచ్చిపప్పూ గోంగూరా కలిపి పెడితే, గోంగూర మెత్తగా అవుతుంది, పప్పు పలుకుగా మిగులుతుంది. పప్పు విడిగా ఉడికించి, గోంగూర విడిగా మగ్గించి కలిపేది అందుకే. చింతపండు, మామిడికాయ, టమాటా, అన్నింటికీ అదే నియమం. ముందు పప్పు ఉడకాలి, తర్వాత పులుపు.

ఎంత ఉడికించినా ఉడకని పప్పు గురించి చెప్పాలి. ఇక్కడ ఎమిరేట్స్‌లో ఈ ఫిర్యాదు తరచూ వింటాను. ఊళ్ళో అయితే నీళ్ళను తిడతాం. మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, ఆ సున్నం గింజ గోడలను గట్టి చేస్తుంది. ఇక్కడ కుళాయిలో వచ్చేవి ఎక్కువగా సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసినవి, మన బోరు నీళ్ళంత కఠినంగా ఉండవు. కాబట్టి తప్పు నీళ్ళది కాదు, సరుకుది. ఇక్కడి పప్పుధాన్యాలు దాదాపు అన్నీ ఓడల మీద వచ్చేవే. ఓడలో కొన్నాళ్ళు, గోడౌన్‌లో కొన్నాళ్ళు, తర్వాత మన గదిలో వేడి వంటింటి అలమరలో కొన్నాళ్ళు. ముప్పై, నలభై డిగ్రీల వేడి, దానికి తోడు సముద్రపు తేమ. ఆ రెండూ కలిస్తే గింజలోని ఫైటిక్ ఆమ్లం నిల్వలోనే విరుగుతుంది. అది పట్టుకుని ఉన్న కాల్షియం, మెగ్నీషియం విడుదలై కణాల మధ్య జిగురుకు అతుక్కుంటాయి. ఆ జిగురు ఇక కరగదు. శాస్త్రవేత్తలు ఎక్కువగా ఒప్పుకునే వివరణ ఇది. అలాంటి గింజలో మాంసకృత్తులు కూడా సరిగా అరగవు.

దీనికి వంటింటి ఉప్పే మందు. లీటరు నీటికి రెండు చెంచాల ఉప్పు వేసి రాత్రంతా నానబెట్టండి. ఉప్పులోని సోడియం ఆ కాల్షియం చోటును ఆక్రమిస్తుంది, జిగురు మెత్తబడుతుంది. పొద్దున నీళ్ళు పారబోసి, కడిగి వండండి. తినే సోడా ఇంకా త్వరగా పనిచేస్తుంది, కానీ బి వన్ విటమిన్‌ను చంపుతుంది, ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. తప్పనిసరైతే చిటికెడు, అదీ నానబెట్టే నీళ్ళలోనే వేసి పారబోయండి. అన్నింటికంటే మంచిది, చవగ్గా వస్తుందని ఐదు కిలోల సంచి కొనకపోవడం. నెలకు సరిపడా కొని, గాలి చొరని డబ్బాలో, వీలైతే ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

చివరగా, కింద కెఫెటీరియాలో దొరికే రెండింటి గురించి. ఒకటి ఫలాఫెల్. నానబెట్టిన శనగలను పచ్చివే రుబ్బి నూనెలో వేస్తారు. మన మసాలా వడ కూడా అంతే కదా. శనగల్లో లెక్టిన్ బలహీనం కాబట్టి ఆ కాస్త వేడి సరిపోతుంది. అదే పద్ధతిలో రాజ్మా వడలు వేద్దామని ఎవరైనా సరదాపడితే ఆపండి.

రెండోది ఫూల్, రాత్రంతా చిన్న మంట మీద ఉడికే బాకలా గింజల కూర. చవక, కడుపు నిండుతుంది, మాంసకృత్తులూ బాగానే ఉంటాయి. రాజ్మాలో ఉన్నంత లెక్టిన్ దానిలో లేదు, అందుకే ఆ చిన్న మంట దానికి చెల్లింది. కానీ బాకలాలో వైసిన్ అని ఇంకో పదార్థం ఉంది. జీ సిక్స్ పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్ళకు అది పడదు. రక్తకణాలు పగిలిపోతాయి, కళ్ళు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగులోకి మారుతుంది. నానబెట్టినా, మరిగించినా, కుక్కర్లో పెట్టినా అది పూర్తిగా పోదు. ఆ లోపం గల్ఫ్ దేశాల్లోనూ, మన దేశంలోనూ ఉంది, మగవాళ్ళలో ఎక్కువ. మీకు గాని, మీ పిల్లలకు గాని ఆ లోపం ఉందని ఏ డాక్టరైనా ఎప్పుడైనా చెప్పి ఉంటే, ఫూల్ తినకండి. తిన్నాక కళ్ళు పచ్చబడినా, మూత్రం రంగు మారినా పొద్దుటిదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, ఏం తిన్నారో డాక్టరుకు చెప్పండి.